కార్పొరేట్ రేట్ లెటర్: బ్లాక్‌అవుట్ తేదీలు, రూమ్ నైట్ల హామీపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం హోటళ్లకీ, పైడిభీమవరం, బొబ్బిలి, భోగాపురం వైపు పనులున్న కంపెనీలకీ మధ్య ఏడాదికి గది రేటు ఖాయం చేసే రేట్ లెటర్లు ఏటా కుదురుతుంటాయి. వాటి గురించి కంపెనీల అడ్మిన్ విభాగాల వాళ్లు అడుగుతుండే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. గది రేటు ఎంతకు బేరమాడాలన్నది ఇందులో పెద్దగా లేదు. రేటు దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. గొడవలు వచ్చేది రెండు పేరాల దగ్గర: ఒప్పంద రేటు చెల్లని రోజుల జాబితా, ఏడాదికి ఇన్ని రాత్రులు వాడతామన్న హామీ. ఈ రెండూ లెటర్‌లో వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి విడివిడిగా చదివి సంతకం పెట్టేస్తారు. హోటల్ గది ఇవ్వనన్న రాత్రి మీ హామీ లెక్కలో ఏమవుతుందో అప్పుడు ఎవరికీ తట్టదు. మార్చి నెలాఖరుకి హోటల్ నుంచి, హామీకి తగ్గిన రాత్రులకు డబ్బు కట్టమంటూ షార్ట్‌ఫాల్ బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

హోటల్ లెటర్‌హెడ్ మీద వచ్చేది ఉత్తరమే కదా. దానికి ఒప్పందమంత బలం ఉంటుందా?

ఉంటుంది. హోటల్ సేల్స్ మేనేజర్ పంపినంత వరకు అది ప్రతిపాదన మాత్రమే. కింద "అంగీకరించాం" అన్న చోట మీ కంపెనీ తరఫున అధికారం ఉన్నవారు సంతకం పెట్టి ముద్ర వేసి తిరిగి పంపితే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కింద అది ఒప్పందమే. ఉత్తరం అందినట్టు చెప్పడానికని అడ్మిన్‌లో కుర్రాడి చేత సంతకం పెట్టించి పంపడం కొన్ని ఆఫీసుల్లో అలవాటు. లెటర్‌లో రాత్రుల హామీ ఉంటే ఆ సంతకం ఖరీదు లక్షల్లో ఉండొచ్చు. ముందు ఫైనాన్స్ వాళ్లకి చూపించండి.

రూమ్ నైట్ ఎలా లెక్కపెడతారు?

ఒక గది, ఒక రాత్రి. ఒకే గదిలో ఇద్దరు ఇంజనీర్లు పడుకున్నా ఒకటే. మూడు గదులు నాలుగు రాత్రులు తీసుకుంటే పన్నెండు. బుక్ చేసినవి లెక్కలోకి రావు, నిజంగా దిగి ఉన్నవే వస్తాయి. పొద్దున్నే రైలు దిగే అతిథికి ముందుగా గది ఇచ్చి సగం రోజు ఛార్జీ వేస్తే, దాన్ని అర రాత్రిగా లెక్కిస్తారా, అసలు లెక్కించరా అన్నది ఒక్క లైన్‌లో రాయించుకోండి.

బ్లాక్‌అవుట్ తేదీ అంటే ఆ రోజు గది దొరకదనా?

కాదు. ఆ రోజు ఒప్పంద రేటు చెల్లదని మాత్రమే. హోటల్లో గది ఉంటే ఆ రోజు నడుస్తున్న రేటుకి మీకూ ఇస్తారు. హోటల్ నిండిపోయి అసలు గది లేకపోవడం వేరే సంగతి.

ఈ రెంటికీ మధ్య మూడో పరిస్థితి ఒకటుంది, అసలు చూసుకోవాల్సింది అదే. తేదీ బ్లాక్‌అవుట్ జాబితాలో లేదు, హోటల్లో గదులూ ఉన్నాయి. అయినా ఫ్రంట్ ఆఫీస్ వాళ్లు "కార్పొరేట్ కోటా అయిపోయింది సార్, కావాలంటే మామూలు రేటుకి ఇస్తాం" అంటారు. లెటర్‌లో "లభ్యతను బట్టి" అన్న మాట ఒక్కటే ఉంటే వాళ్లు అలా అనొచ్చు. "ఆ కేటగిరీలో చివరి గది అమ్ముడయ్యే వరకు ఒప్పంద రేటు వర్తిస్తుంది" అని ఉంటే అనలేరు. ఈ హామీ అడిగితే హోటల్ రేటు కొంచెం పెంచుతుంది, అది న్యాయమే. నన్నడిగితే, మీ వాళ్లు ముందురోజు సాయంత్రం బుక్ చేసే రకమైతే ఆ కాస్త ఎక్కువ ఇచ్చి ఈ వాక్యం కొనుక్కోవడమే మేలు.

విజయనగరంలో హోటల్ ఏ తేదీలను బ్లాక్‌అవుట్‌గా అడిగితే ఒప్పుకోవాలి?

మొదటిది సిరిమానోత్సవం, దీని మీద వాదన అనవసరం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు. చుట్టుపక్కల జిల్లాల నుంచీ ఒడిశా నుంచీ జనం వస్తారు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా అడుగు పెట్టే చోటుండదు. ఆ రెండు మూడు రాత్రులు ఊళ్లో ఏ హోటలూ తక్కువ రేటుకి గది ఇవ్వదు, ఇమ్మని అడగడం కూడా సబబు కాదు.

చూసుకోవాల్సింది తేదీ రాసే తీరు. తిథిని బట్టి వచ్చే పండగ కాబట్టి ఏటా తేదీ మారుతుంది. 2024లో సిరిమాను అక్టోబరు 15న జరిగింది, 2025లో అక్టోబరు 7న. పాత లెటర్‌ని కాపీ చేసి సంవత్సరం మాత్రం మార్చి పంపే హోటళ్లున్నాయి. అలాంటి లెటర్‌లో మామూలు వారాల రాత్రులు బ్లాక్‌అవుట్‌లో ఉండిపోతాయి, అసలు పండగ రాత్రులు మాత్రం బయట ఉంటాయి. పండగ పేరూ, ఆ ఏడాది తేదీలూ రెండూ రాయించండి. రెంటికీ తేడా వస్తే పండగ పేరే ప్రమాణమని ఒక వాక్యం చేర్చండి. వారం తర్వాత పెద్ద చెరువులో జరిగే తెప్పోత్సవం దాకా బ్లాక్‌అవుట్ లాగాలని హోటల్ చూస్తే అక్కడ గట్టిగా నిలబడండి. ఆ మధ్య వారంలో కంపెనీ వాళ్లు మామూలుగానే వస్తుంటారు.

రెండోది పెళ్లిళ్లు. హోటల్‌కి ఫంక్షన్ హాలుంటే ముహూర్తం రోజున గదులన్నీ పెళ్లివారే తీసుకుంటారు. అందుకే లెటర్లలో "పెళ్లి ముహూర్తాల రోజులు" అని రెండు మాటల్లో పెట్టేస్తారు. ఈ వాక్యం ప్రమాదకరం. పంచాంగంలో ముహూర్తాలు బోలెడుంటాయి. వైశాఖం, శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం ఇలా వరసగా లెక్కపెడితే ఏడాదిలో చాలా రాత్రులు మీకు కాకుండా పోతాయి. ముహూర్తం ఉన్న ప్రతి రోజూ ఆ హోటల్లో పెళ్లి ఉంటుందా అంటే ఉండదు.

దీనికి ఒక సులువు మార్గం ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడిచే లెటర్లకి ఉగాది సరిగ్గా ముందో, మొదట్లోనో వస్తుంది. కొత్త పంచాంగం చేతిలో ఉంటుంది. సేల్స్ మేనేజర్‌తో కూర్చుని, హాలు నిజంగా బుక్ అవుతుందని ఆయన నమ్మే బలమైన ముహూర్తాలను తేదీలతో రాసుకోండి. ఆషాఢం, పుష్యం, మూఢం రోజులు ఎలాగూ ఖాళీ. 2026లో జ్యేష్ఠం అధిక మాసం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 వరకు. మామూలు ఏడాది పెళ్లిళ్లతో ఊగిపోయే ఆ రోజుల్లో హోటల్ మీ వ్యాపారం కోసం ఎదురుచూస్తుంది. పాత జాబితాని అలాగే దించేసిన లెటర్‌లో అవే రోజులు బ్లాక్‌అవుట్‌లో కనిపిస్తాయి.

డిసెంబరు 31 రాత్రి అందరూ పెడతారు, ఒప్పేసుకోండి.

మా వాళ్లు శ్రీకాకుళంలో కూడా దిగుతారు. అక్కడా ఇవే తేదీలా?

పెళ్లిళ్లు అవే. పండగ వేరు. అక్కడ రద్దీ అరసవల్లి రథసప్తమికి. మాఘ శుద్ధ సప్తమి కూడా తిథి పండగే కాబట్టి తేదీ కదులుతుంది. 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది. ఒకే యాజమాన్యానికి రెండు ఊళ్లలోనూ హోటళ్లుంటే రెంటికీ కలిపి ఒకే జాబితా పెట్టాలని చూస్తారు. అలా చేస్తే సిరిమానుకి శ్రీకాకుళంలోనూ, రథసప్తమికి విజయనగరంలోనూ మీకు రేటు పోతుంది. ఊరికో జాబితా అడగండి.

"మేనేజ్‌మెంట్ నిర్ణయించే ఇతర తేదీలు" అని ఉంది. ఉండనివ్వొచ్చా?

వద్దు. ఆ వాక్యం ఉన్నంత కాలం పైన రాసుకున్న జాబితాకి విలువ లేదు. కొట్టేయమంటే హోటల్ ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల ఇబ్బందీ నిజమే. మధ్యలో ఏ క్రికెట్ టోర్నమెంటో, పెద్ద సభో వచ్చి పడుతుంది. అందుకని వాక్యాన్ని ఉంచి, చుట్టూ కంచె వేయండి. ఏడాది మొత్తం మీద బ్లాక్‌అవుట్ రాత్రులు ఇన్నింటికి మించకూడదని ఒక పరిమితి పెట్టండి. కొత్త తేదీ కలిపితే కనీసం 30 రోజుల ముందు మెయిల్‌లో చెప్పాలి. ఆ మెయిల్ వచ్చేలోపు మీరు ఖాయం చేసుకున్న గదులకి పాత రేటే వర్తించాలి. మూడింటిలో ఒకటే దొరికే పరిస్థితి ఉంటే నేను మొదటిదే పట్టుకుంటాను. సంఖ్యకి పరిమితి ఉంటే హోటలే తన తేదీలను పొదుపుగా వాడుకుంటుంది.

రూమ్ నైట్ల హామీ తప్పనిసరా? ఇవ్వకుండా రేటు రాదా?

వస్తుంది. హామీలో రెండు రకాలున్నాయి, లెటర్ చదివేటప్పుడు మీది ఏదో తేల్చుకోవాలి. మొదటిది అంచనా: "ఏడాదికి సుమారు 400 రూమ్ నైట్లు వస్తాయని ఆశిస్తున్నాం". అన్ని రాకపోతే వచ్చే ఏడాది రేటు పెరుగుతుంది, అంతకు మించి ఏమీ లేదు. రెండోది గ్యారంటీ: "400 రూమ్ నైట్లకు తగ్గితే, తగ్గిన రాత్రులకు కంపెనీ చెల్లించాలి". చాలా లెటర్లలో అంచనా మొదటి పేజీలోనూ, చెల్లించాలన్న మాట చివరి పేజీలో "ఇతర షరతులు" కిందా ఉంటాయి. రెండూ కలిస్తే గ్యారంటీయే.

గ్యారంటీ ఇవ్వడం తప్పేమీ కాదు. సోమవారం నుంచి గురువారం వరకు ఈ ఊళ్లో గదులు నింపేది కంపెనీల వాళ్లే. ఆ నమ్మకం ఇచ్చినందుకే హోటల్ రేటు తగ్గిస్తుంది. అయితే సంఖ్యను సేల్స్ మేనేజర్ నోటి నుంచి రానివ్వకండి. గత ఏడాది అకౌంట్స్‌కి చేరిన బిల్లుల నుంచి తీయండి. అందులో ఒక్కసారి మాత్రమే జరిగిన పనులను పక్కన పెట్టండి. ఫ్యాక్టరీలో షట్‌డౌన్ మరమ్మతుల కోసం వచ్చిన బృందం, ఒకసారి జరిగిన ఆడిట్, కొత్త లైన్ వేసినప్పుడు దిగిన వెండర్లు ఈ లెక్కలోకే వస్తారు. మిగిలిన దాంట్లో నాలుగింట మూడు వంతులకు గ్యారంటీ ఇస్తే నిద్ర పడుతుంది.

హామీ ఇస్తే టీడీఎస్ కోయాల్సి వస్తుందా?

ఇది ఫైనాన్స్ వాళ్లు అడగాల్సిన ప్రశ్న, అడగరు. హోటల్ గదులను "క్రమం తప్పకుండా" తీసుకుంటే ఆ చెల్లింపుని అద్దెగా చూసి, 1961 ఆదాయపు పన్ను చట్టం 194-ఐ సెక్షన్ కింద టీడీఎస్ కోయాలన్నది పాత నియమం. కేవలం రేటు మాట్లాడుకున్న ఒప్పందానికి ఇది వర్తించదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2002 జూలై 30న ఇచ్చిన 5/2002 సర్క్యులర్‌లో చెప్పింది. కారణం కూడా అందులోనే ఉంది. రేటు ఒప్పందంలో ఫలానా గదులు ఇచ్చి తీరాలన్న బాధ్యత హోటల్‌కి ఉండదు, కాబట్టి ఆ బస అప్పుడప్పుడు జరిగేదే అవుతుంది.

అందుకే మీ లెటర్‌లోని మాటలు ముఖ్యం. "కంపెనీ కోసం అయిదు గదులు ఎప్పుడూ విడిగా ఉంచుతాం" అని ఉంటే అది రేటు ఒప్పందం గీత దాటినట్టే. ఏడాదికి ఇన్ని రాత్రులన్న హామీ మాత్రమే ఉండి, ఏ గదినీ మీ పేరున అట్టిపెట్టకపోతే రేటు ఒప్పందమని వాదించడానికి వీలుంటుంది. సంతకానికి ముందే మీ ఆడిటర్ చేత ఈ పేరా చదివించండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, పాత లెటర్‌లోని నంబరుని అలాగే ఉంచొద్దని కూడా ఆయనకి చెప్పండి.

ఏ రాత్రులు మా లెక్కలోకి వస్తాయి, ఏవి రావు?

రాయకపోతే హోటల్ సాఫ్ట్‌వేర్‌లో మీ కంపెనీ కోడ్ కింద పడినవే వస్తాయి. ఎక్కువ రాత్రులు జారిపోయేది ఇక్కడే. మీ ఉద్యోగి ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, అక్కడ వంద రూపాయలు తక్కువ కనబడిందని అదే హోటల్ బుక్ చేసుకుంటాడు. బిల్లు మీ కంపెనీ పేరు మీదే, జీఎస్టీ నంబరుతోనే తీసుకుంటాడు. హోటల్‌కి మాత్రం అది యాప్ వ్యాపారం. పైగా కమీషన్ కట్టాలి కాబట్టి మీ ఖాతాలో వేయదు. అది అన్యాయమని అనలేం, కానీ లెటర్ రాసేటప్పుడు సగం దూరం లాగొచ్చు: కంపెనీ జీఎస్టీ నంబరుతో బిల్లైన ఏ రాత్రయినా, ఎలా బుక్ అయినా, హామీ లెక్కలోకి రావాలి. హోటల్ మరీ బిగిస్తే, యాప్ రాత్రులు సంఖ్యకి మాత్రమే లెక్క, రేటుకి కాదు అని ఒప్పుకోండి.

మీ పని మీదే వచ్చి సొంతంగా డబ్బు కట్టే వెండర్లు ఉంటారు. వాళ్లు మీ పేరు చెప్పి అదే రేటుకి దిగితే ఆ రాత్రులూ మీవే కావాలి. రాకుండా పోయిన అతిథికి నో-షో కింద ఒక రాత్రి ఛార్జీ వసూలు చేస్తే, డబ్బు తీసుకున్న రాత్రి లెక్కలో ఉండాలి. ఒకే గ్రూపులో రెండు కంపెనీలుంటే రెంటినీ కలపమని అడగండి, సాధారణంగా కాదనరు.

బ్లాక్‌అవుట్ రోజున గది అడిగాం, ఇవ్వలేదు. ఆ రాత్రి హామీలోంచి తగ్గుతుందా?

లెటర్‌లో లేకపోతే తగ్గదు. పైగా ఇంకో దెబ్బ తగులుతుంది. విజయనగరంలో గది దొరకని మీ వాళ్లు ఆ రాత్రి విశాఖ వెళ్లి దిగుతారు, మర్నాడు కూడా అక్కడే ఉండిపోతారు. బ్లాక్‌అవుట్ ఒక రాత్రిదే అయినా మీకు పోయేవి రెండు మూడు.

అందుకే ఈ రెండు పేరాలను కలిపే వాక్యం ఒకటి ఉండాలి. దాని సారాంశం ఇలా ఉంటే చాలు: "బ్లాక్‌అవుట్ జాబితాలోని రాత్రికి కంపెనీ మెయిల్ ద్వారా గది అడిగి, హోటల్ ఒప్పంద రేటుకి ఇవ్వకపోతే, అడిగిన రాత్రుల మేరకు వార్షిక హామీ తగ్గుతుంది. జాబితాలో లేని రాత్రికి గది ఇవ్వలేకపోతే, ఆ రాత్రి కంపెనీ వాడుకున్నట్టుగానే లెక్కిస్తారు. బ్లాక్‌అవుట్ రాత్రి కంపెనీ ఎక్కువ రేటు కట్టి దిగినా ఆ రాత్రి హామీలో చేరుతుంది."

మొదటి రెండింటికీ తేడా ఎందుకంటే, జాబితాలోని తేదీ గురించి హోటల్ ముందే చెప్పింది. అక్కడ తప్పు ఎవరిదీ కాదు కాబట్టి మీ బరువు తగ్గుతుంది, అంతే. జాబితాలో లేని రోజున మాట తప్పింది హోటల్, కాబట్టి ఆ రాత్రి మీ ఖాతాలో పడాలి.

హోటల్ వాళ్లు దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది సరైనదే. సిరిమాను రాత్రికి కావాలని 40 గదులు అడిగి, కాదనిపించుకుని హామీ తగ్గించుకుంటే వాళ్ల గతేమిటి? దానికి జవాబు కూడా లెటర్‌లోనే పెట్టండి. అభ్యర్థనలో అతిథి పేరు ఉండాలి, కనీసం మూడు రోజుల ముందు పంపాలి, ఒక రాత్రికి మీరు మామూలుగా వాడే గదుల సంఖ్యకి మించకూడదు. ఇలా రాస్తే నిజాయితీగా నడిచే ఏ హోటలూ కాదనదు.

ఒక లెక్క వేసి చూపిస్తారా?

ఊహాత్మకంగా ఒకటి తీసుకుందాం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ, విజయనగరంలో ఒక హోటల్. లెటర్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఒప్పంద రేటు అల్పాహారంతో కలిపి ₹2,400, పన్ను అదనం. గ్యారంటీ 400 రూమ్ నైట్లు. హోటల్ పంపిన మొదటి ముసాయిదాలో, తగ్గిన ప్రతి రాత్రికీ పూర్తి రేటు కట్టాలని ఉంది.

మార్చి నెలాఖరుకి హోటల్ సాఫ్ట్‌వేర్ ప్రకారం కంపెనీ వాడింది 318. ముసాయిదా మీదే సంతకం పెట్టి ఉంటే 82 రాత్రుల షార్ట్‌ఫాల్‌కి ₹1,96,800 బిల్లు వస్తుంది.

ఇప్పుడు పైన చెప్పిన వాక్యాలన్నీ రాయించుకున్న లెటర్‌తో అదే ఏడాది లెక్క వేద్దాం. ఉద్యోగులు యాప్‌లో బుక్ చేసి కంపెనీ జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకున్నవి 13, డబ్బు కట్టిన నో-షోలు 4. కలిపితే 335. జాబితాలో లేని రోజుల్లో గది లేదన్నవి 7, వాడినట్టే లెక్క కాబట్టి 342. ఇక సిరిమానుకీ పెళ్లి ముహూర్తాలకీ అడిగి దొరకనివి 12. ఇవి హామీలోంచి తగ్గుతాయి, కాబట్టి హామీ 388 అవుతుంది. లెటర్‌లో పది శాతం వెసులుబాటు ఉందనుకోండి, అంటే 388లో తొంభై శాతం చేరితే చాలు. అది 349. కంపెనీ చేరింది 342. తగ్గింది 7 రాత్రులు. తగ్గిన రాత్రికి ఒప్పంద రేటులో నలభై శాతం, అంటే ₹960 కట్టాలని రాసుకున్నారు కాబట్టి బిల్లు ₹6,720.

గదులు వాడిన తీరులో ఒక్క రాత్రి కూడా మారలేదు. మారినవి లెటర్‌లో నాలుగైదు వాక్యాలు.

తగ్గిన రాత్రికి పూర్తి రేటు అడగడం న్యాయమేనా? నలభై శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

మీరు రాని రాత్రి హోటల్ ఆ గదిని వేరే వాళ్లకి అమ్ముకుని ఉండొచ్చు. అమ్మలేకపోయినా అల్పాహారం, దుప్పట్ల చలువ, ఏసీ కరెంటు ఖర్చు కాలేదు. అందుకే పూర్తి రేటు అన్నది హోటల్‌కి జరిగిన నష్టం కంటే ఎక్కువ. ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమేనని కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆరు వేల రూపాయల కోసమో, రెండు లక్షల కోసమో ఎవరూ కోర్టుకి వెళ్లరు కాబట్టి ఈ వాదనని బేరం దగ్గరే వాడుకోవాలి. నలభై శాతం అన్నది పైన ఉదాహరణ కోసం తీసుకున్నదే, మీరు మాట్లాడుకుని వేరేది పెట్టుకోవచ్చు.

డబ్బు కట్టకుండా సర్దుకునే దారులు ఇంకా బాగుంటాయి. తగ్గిన రాత్రులను వచ్చే ఏడాది మొదటి మూడు నెలల్లో వాడుకోనివ్వడం ఒకటి. ఆ మొత్తానికి హాల్లో మీటింగో, భోజనాలో పెట్టుకోనివ్వడం ఇంకొకటి. హోటల్‌కీ మళ్లీ మీతో పని ఉంటుంది కాబట్టి రెండోదానికి త్వరగా ఒప్పుకుంటారు.

తుఫాను వచ్చి మా వాళ్లు రాలేకపోతే?

మన తీరానికి ఇది ఊహ కాదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటాయి. రెండూ అక్టోబరులోనే, అంటే బ్లాక్‌అవుట్‌లు ఉండే నెలలోనే. తుఫాను తర్వాత హోటల్‌కి గిరాకీ తగ్గకపోవచ్చు కూడా. కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వచ్చే సిబ్బందితో నిండిపోతుంది. అవసరమైతే విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద అధికారులు వసతులను స్వాధీనం చేసుకోవచ్చు. అందుకే "ప్రకృతి వైపరీత్యాల్లో ఎవరికీ బాధ్యత లేదు" అన్న సాధారణ వాక్యంతో సరిపెట్టకండి. అలాంటి రోజులు ఎన్నుంటే, ఏడాది హామీలో ఆ నిష్పత్తి తగ్గుతుందని రాయండి. 400 రాత్రుల హామీలో పది రోజులు పోతే 11 రాత్రులు తగ్గాలి.

జీఎస్టీ గురించి లెటర్‌లో ఏమైనా చూడాలా?

"పన్నులు అదనం, అప్పటి రేటు ప్రకారం" అని ఉంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి ₹7,500 వరకు ఉన్న గదులకి 5 శాతం. అంతకు ముందు తయారైన లెటర్ల నమూనాలో ఇంకా 12 అని ఉంటే దిద్దించండి. మీ రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌ది మాత్రమే అయితే, హోటల్ ఆంధ్రలో ఉంది కాబట్టి పన్ను ఆంధ్ర లెక్కలోనే పడుతుంది, దాన్ని మీరు తెలంగాణలో సర్దుబాటు చేసుకోలేరు. రేట్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి.

ఏడాది పొడుగునా ఏం రాసి పెట్టుకోవాలి?

ముఖ్యంగా ఒకటి: కాదన్న గదుల జాబితా. ఫోన్‌లో "గదుల్లేవండీ" అన్న మాటకి మార్చిలో ఎవరూ సాక్ష్యం చెప్పరు. ఆ మాట చెప్పిన ఫ్రంట్ ఆఫీస్ కుర్రాడు అప్పటికి వేరే హోటల్‌కి మారిపోయి ఉంటాడు. ఫోన్ పెట్టేసిన వెంటనే "ఫలానా తేదీకి ఫలానా అతిథికి గది అడిగాం, లేదన్నారు" అని హోటల్ రిజర్వేషన్ చిరునామాకి రెండు లైన్ల మెయిల్ పంపండి. జవాబు రాకపోయినా పర్వాలేదు. ఇరవై నాలుగు గంటల్లో హోటల్ కాదనకపోతే ఆ మెయిల్‌నే రుజువుగా తీసుకుంటారని లెటర్‌లో ముందే రాయించండి.

ప్రతి నెలా అయిదో తేదీలోపు హోటల్ నుంచి రాత్రుల స్టేట్‌మెంట్ తెప్పించుకుని, మీ బిల్లులతో సరిచూసి, తేడాలను అదే వారం తేల్చుకోండి. యాప్‌లో బుక్ అయిన రాత్రులు, నో-షోలు, వెండర్ల రాత్రులు కనబడేది ఇక్కడే. సెప్టెంబరు స్టేట్‌మెంట్ వచ్చేసరికి సగం ఏడాది అయిపోతుంది. సగం హామీకి బాగా వెనకబడి ఉంటే అప్పుడే సేల్స్ మేనేజర్ని పిలిచి, సంఖ్య తగ్గించి రేటు కొంచెం పెంచుకునే సవరణ లెటర్ అడగండి. అక్టోబరులో దసరా, సిరిమాను, ఆ తర్వాత కార్తీక ముహూర్తాలు వరసగా వస్తాయి, అవి దాటాక ఆయన వినే స్థితిలో ఉండరు.